సగటు 3.75 చెప్పని సంగతులు

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల కంపెనీ ఉందనుకుందాం. అక్కడి క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కి సెక్షన్ ఇన్‌చార్జ్ కావాలి. ఎనిమిది మంది ఎనలిస్టుల చేత మూడు షిఫ్టుల్లో పని చేయించాలి. పరీక్షలో ఏదైనా తేడా వస్తే కారణం తేల్చాలి. అమెరికాకు వెళ్లే మందుల రికార్డులు ఎప్పుడు తనిఖీ జరిగినా నిలబడేలా ఉంచాలి. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న ఒకావిడ ఇంటర్వ్యూకి వచ్చారు. క్యూసీ మేనేజర్, క్వాలిటీ అష్యూరెన్స్ అధికారి, ప్రొడక్షన్ హెడ్, హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ ఆమెతో విడివిడిగా మాట్లాడి తలో ఫారం నింపారు. ఐదు మార్కులకు వరుసగా 4, 5, 2, 4 వేశారు. మొత్తం 15, సగటు 3.75. కంపెనీ పెట్టుకున్న హద్దు 3.5. హద్దు దాటారు కాబట్టి ఆఫర్ లెటర్ కొట్టించడమే మిగిలింది.

అలా చేసేస్తే మాత్రం ఆ నాలుగు ఫారాలూ నింపించి లాభం లేదు. ఎందుకంటే ముగ్గురు 4 వేసి ఒకరు 3 వేసినా సగటు 3.75 వస్తుంది. అక్కడ ఎవరికీ పెద్ద పేచీ లేదు. ఇక్కడ మాత్రం ఒకరు ‘ఇంతకంటే మంచివాళ్లు దొరకరు’ అంటున్నారు, ఇంకొకరు ‘వద్దు’ అంటున్నారు. ఆ ఇద్దరూ ఏం విని ఆ మాట అన్నారన్నది సగటులో కలిసి మాయమైపోయింది.

అందుకే నియామకాల్లో అనుభవమున్నవాళ్లు అంకెల దగ్గర మొదలుపెట్టరు. నాలుగు ఫారాలనూ విడదీసి, అందరూ నిజంగా ఒప్పుకున్నదేమిటి, ఎక్కడ విభేదించారు, ఎవరూ అడగకుండా వదిలేసిందేమిటి అని తిరిగి పేరుస్తారు. ఆ తర్వాతే సిఫారసు రాస్తారు. సాధారణంగా ఈ పని హెచ్‌ఆర్‌లో ఒకరి మీదో, ఆ ఉద్యోగం ఎవరి కింద ఉంటుందో ఆ మేనేజర్ మీదో పడుతుంది. ఓపిగ్గా చేస్తే గంట, గంటన్నర పడుతుంది.

ముందు రాత, తర్వాతే మాట

ఫారాలను కలపడానికి ముందు ఒక సంగతి చూసుకోవాలి. అవి ఒకరి ప్రభావం మరొకరి మీద పడకుండా రాసినవేనా? ఇంటర్వ్యూ ముగించి బయటికొచ్చిన క్యూసీ మేనేజర్ కారిడార్‌లో ‘బాగుందండీ, టెక్నికల్‌గా గట్టి మనిషి’ అని ఒక్క మాట అంటే చాలు. తర్వాత లోపలికి వెళ్లేవాళ్లు ఆ గట్టిదనాన్నే వెతుక్కుంటారు.

అమెజాన్ ఈ కారణంగానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఇంటర్వ్యూ చేసిన ప్రతి ఒక్కరూ తమ అభిప్రాయం రాసి ఇచ్చేదాకా తక్కినవాళ్లు రాసింది చూడకూడదు. తీసుకోవాలని గట్టిగా అనుకుంటున్నారా, అనుకుంటున్నారా, వద్దనుకుంటున్నారా, గట్టిగా వద్దనుకుంటున్నారా అన్న నాలుగింట్లో ఒకటి ఎంచుకోవాలి. ‘తేల్చుకోలేకపోతున్నాను’ అనే గడి అక్కడ ఉండదు. అందరూ రాశాకే సమావేశమవుతారు. ఆ విభాగానికి సంబంధం లేని, ప్రత్యేక శిక్షణ పొందిన ‘బార్ రెయిజర్’ ఒకరు దాన్ని నడిపిస్తారు. అభ్యర్థి తగరనిపిస్తే వద్దనే అధికారం కూడా ఆయనకు ఉంటుంది.

మన దగ్గర ఇదే క్రమశిక్షణ సైనిక అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డులో కనిపిస్తుంది. ఐదు రోజుల ఎంపికలో అభ్యర్థిని ముగ్గురు మూడు దారుల్లో చూస్తారు. మనస్తత్వ నిపుణుడు రాతపరీక్షల ద్వారా, ఇంటర్వ్యూ అధికారి ముఖాముఖిగా, గ్రూప్ టెస్టింగ్ అధికారి మైదానంలో పనులు చేయించి అంచనా వేస్తారు. ముగ్గురి ముందూ ఉండేవి ఒకే 15 లక్షణాలు. ఎవరి అంచనా వారిదే. చివరి రోజు కాన్ఫరెన్స్‌లోనే వాటిని పక్కపక్కన పెట్టి చర్చిస్తారు.

మన మందుల కంపెనీలో ఆ కట్టుబాటు సగమే పాటించారు. మొదటి ముగ్గురూ ఇంటర్వ్యూ రోజే ఫారాలు ఇచ్చేశారు. హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్ మాత్రం మర్నాడు మధ్యాహ్నం, క్యూసీ మేనేజర్‌తో కలిసి భోంచేసి వచ్చాక నింపారు. అందులో ‘హెచ్‌పీఎల్‌సీ మీద మంచి పట్టుంది’ అని ఉంది. ఆయన చదివింది ఎంబీఏ. ఆ యంత్రం గురించి ఆయన అడిగే అవకాశమే లేదు. ఆ వాక్యం క్యూసీ మేనేజర్ చెప్పిందే, చేతిరాత మారిందంతే. దాన్ని రెండో సాక్ష్యంగా లెక్కేస్తే ఒకే బావి నీళ్లు రెండు బిందెల్లో తెచ్చి రెండు బావులున్నాయని చెప్పినట్టే. సాంకేతిక పరిజ్ఞానం గడిలోంచి హెచ్‌ఆర్ వేసిన మార్కు తీసేయాలి.

మనుషుల వారీగా కాదు, లక్షణాల వారీగా

ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీదో, ఎక్సెల్ షీట్‌లోనో పట్టిక గీస్తారు. అడ్డంగా నలుగురు ప్యానెల్ సభ్యులు. నిలువుగా ఆ ఉద్యోగానికి కావలసినవి: సాంకేతిక పరిజ్ఞానం, నియమపాలన, సమస్య వస్తే కారణం పట్టుకోవడం, కింది ఉద్యోగులతో పని చేయించడం, పక్క విభాగాలతో వ్యవహారం. ప్రతి గడిలో మార్కుతోపాటు ఆ మార్కుకి ఆధారం రాయాలి. ఆధారమంటే అభ్యర్థి చెప్పిన మాట, లేదా చేసిన పని. ‘చురుగ్గా ఉంది’, ‘ఆత్మవిశ్వాసం కనిపించింది’ వంటివి రాసినవారి అభిప్రాయాలు. వాటిని వేరే రంగు సిరాతో రాసుకుంటే మేలు.

ఈ తేడా కాగితం మీద ఎలా ఉంటుందో చూడండి. క్యూసీ మేనేజర్ తన ఫారంలో ఇలా రాశారు: ‘క్రొమటోగ్రామ్‌లో పీక్ రెండుగా చీలితే ఏం చేస్తారని అడిగాను. అన్ని పీక్‌లూ చీలాయా, ఒక్కటేనా అని ముందు చూస్తానన్నారు. అన్నీ చీలితే కాలమ్ మొదట్లో లోపం ఉండొచ్చు, ఒక్కటే చీలితే పక్కన ఇంకో పదార్థం కలిసి వస్తోందేమో, శాంపిల్ కలిపిన ద్రావణం సరిపడలేదేమో అని వరస తప్పకుండా చెప్పారు.’ ఇది ఆధారం. దీన్ని చదివిన మరో నిపుణుడు 4 మార్కులు సబబో కాదో తనే తేల్చుకోగలడు. హెచ్‌ఆర్ ఫారంలో ‘లీడర్‌షిప్ లక్షణాలు బాగున్నాయి, 4’ అని ఉంది. దీంతో ఎవరూ ఏమీ తేల్చలేరు.

ఈ దశలో కొట్టేయాల్సినవీ బయటపడతాయి. అదే హెచ్‌ఆర్ ఫారం అడుగున ‘పెళ్లై ఏడాదే అయింది, ఎన్నాళ్లుంటారో చూడాలి’ అని ఉంది. ఆ ఉద్యోగానికి కావలసిన ఏ లక్షణంతోనూ దానికి సంబంధం లేదు. మగ అభ్యర్థి ఫారంలో ఆ వాక్యం పడేదే కాదు. దాన్ని పట్టికలోకి ఎక్కించకూడదు, రాసినవారికి ఎందుకో చెప్పాలి. ప్రొడక్షన్ హెడ్ రాసిన ‘ఇంగ్లిష్‌లో తడబడ్డారు’ అన్న మాటను మాత్రం కొట్టేసే ముందు ఆలోచించాలి. ఈ ఉద్యోగంలో దర్యాప్తు నివేదికలు ఇంగ్లిష్‌లోనే రాయాలి. గడగడా మాట్లాడటం వేరు, తప్పుల్లేకుండా రాయడం వేరు. క్యూఏ అధికారి ఆమె చేత ఒక పేజీ నివేదిక రాయించి ‘స్పష్టంగా ఉంది’ అని నమోదు చేశారు. దాంతో ఆ అభ్యంతరం పక్కకు తప్పుకుంది.

ముగ్గురూ ఒప్పుకున్నా నమ్మరానిది

పట్టిక నిండాక ముందు బలాలను ఏరతారు. ఒక లక్షణాన్ని ‘ప్యానెల్ ఒప్పుకున్న బలం’ అనాలంటే కనీసం ఇద్దరు, వేర్వేరు ప్రశ్నల ద్వారా, ఆధారంతో చూసి ఉండాలి. ఆ లెక్కన ఈ అభ్యర్థికి రెండు నిలిచాయి. ఒకటి, తేడా వస్తే కారణం పట్టుకునే తీరు. క్యూసీ మేనేజర్ పీక్ ప్రశ్నతో, క్యూఏ అధికారి పాత దర్యాప్తు ఒకటి వివరించమని అడిగి చూశారు. రెండు, రికార్డుల విషయంలో రాజీపడకపోవడం. క్యూఏ, ప్రొడక్షన్ ఇద్దరి ఫారాల్లోనూ దానికి ఆధారం ఉంది. ప్రొడక్షన్ హెడ్‌కి అది నచ్చలేదన్నది తర్వాతి సంగతి.

చిత్రం బృందాన్ని నడపడమనే గడిలో ఉంది. క్యూసీ, క్యూఏ, హెచ్‌ఆర్ ముగ్గురూ 4 వేశారు. మార్కులు మాత్రమే చూస్తే పట్టిక మొత్తంలో ఇంత ఏకాభిప్రాయం ఇంకెక్కడా లేదు. ఆధారాల గడిలో మాత్రం ‘పరిణతి ఉంది’, ‘మాటలో స్థిరత్వం ఉంది’, ‘లీడర్‌షిప్ లక్షణాలు బాగున్నాయి’ అని ఉంది. ఆమె ఇంతవరకు ఎంతమందిని చూసుకున్నారు, వారిలో ఎవరైనా తప్పు చేస్తే ఏం చేశారు అని ఒక్కరూ అడగలేదు. ఎనిమిది మందిని నడిపే ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తూ, నడపగలరా లేదా అన్నది నలుగురూ వదిలేశారు.

దీనికి కారణం కొత్తదేమీ కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో ఒక వ్యాసం ప్రచురించారు. సైన్యంలో పై అధికారులు తమ కింది అధికారుల దేహదారుఢ్యానికి, తెలివికి, నాయకత్వానికి, నడవడికి విడివిడిగా వేసిన మార్కులను ఆయన పరిశీలించారు. వేర్వేరు గుణాలకు వేసిన మార్కులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయి. ఒక గుణం బాగుందనిపిస్తే ఆ మంచి తక్కిన గడుల్లోకీ పాకిపోయింది. దాన్నే హాలో ఎఫెక్ట్ అంటున్నారు. ఇక్కడ జరిగిందీ అదే. సాంకేతిక ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి, మనుషులను కూడా బాగానే చూసుకుంటుందని ముగ్గురూ మనసులోనే పూరించుకున్నారు.

కాబట్టి ఆ మూడు నాలుగులూ బలాల జాబితాలోకి వెళ్లవు. ‘చూడలేదు’ అనే మూడో జాబితాలో పడతాయి. చాలా కంపెనీల నివేదికల్లో ఈ జాబితాయే ఉండదు.

విభేదం ఎక్కడ పుట్టింది?

ఇక 5కీ 2కీ మధ్య తగువు. రెండు ఫారాలనూ చదివితే తెలిసిందేమంటే, ఇద్దరూ దాదాపు ఒకే ప్రశ్న వేశారు. పరీక్షలో ఒక బ్యాచ్ నిర్ణీత పరిమితిని దాటింది, లారీ గేటు దగ్గర ఉంది, ఏం చేస్తారు? ఆమె ఇద్దరికీ ఒకే జవాబు చెప్పారు: ‘దర్యాప్తు పూర్తయ్యేదాకా బ్యాచ్ కదలదు. కారణం దొరక్కుండా మళ్లీ మళ్లీ పరీక్షించి, పాసైన ఫలితం చూపించను.’ క్యూఏ అధికారి దానికి 5 వేసి ‘సరైన మనిషి’ అన్నారు. ప్రొడక్షన్ హెడ్ 2 వేసి ‘పట్టువిడుపు లేదు’ అన్నారు.

ప్యానెల్ విభేదాలు సాధారణంగా మూడు రకాలు. ఇద్దరు వేర్వేరు విషయాలు చూసి వేర్వేరుగా చెప్పడం ఒకటి. అప్పుడు రెండూ నిజం కావచ్చు, రెండూ నివేదికలో ఉండాలి. ఒకరు ఎప్పుడూ మార్కులు పిసినారిగా, ఇంకొకరు ఉదారంగా వేయడం రెండోది. వారు ఇదివరకు నింపిన ఫారాలు నాలుగైదు తీసి చూస్తే ఇది తెలిసిపోతుంది. మూడోది, ఒకే విషయాన్ని చూసి వేర్వేరు కొలబద్దలతో కొలవడం. అసలు చర్చ అవసరమయ్యేది దీనికే. మన కేసు ఈ మూడో రకం.

ఇలాంటప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి మార్కు పెంచుతారా తగ్గిస్తారా అని బేరం పెట్టకూడదు. అలా చేస్తే హోదాలో పెద్దవారి మాటే నెగ్గుతుంది. ఈ ఉద్యోగానికి ఏ కొలబద్ద సరైందో ముందు తేల్చాలి. ఇక్కడ అది తేల్చడం కష్టం కాదు. 1993లో అమెరికాలో బార్ లేబొరేటరీస్ కేసులో కోర్టు, పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడాన్ని స్పష్టంగా తప్పుపట్టింది. అమెరికాకు మందు పంపే ఏ ల్యాబ్ అయినా ఆ దారిలోనే నడవాలి. బ్యాచ్‌ను ఆపడంలో అభ్యర్థిదే ఒప్పు.

అయితే అక్కడితో ప్రొడక్షన్ హెడ్ మాటను పక్కన పడేస్తే ఒక విలువైన సంగతి జారిపోయేది. ఫారాలు కలుపుతున్న వ్యక్తి ఆయనకు ఫోన్ చేసి, మార్కు గురించి కాకుండా, ‘ఆవిడ సరిగ్గా ఏమన్నారు సార్?’ అని అడిగారు. ఆయన కాస్త ఆలోచించి, ‘బ్యాచ్ ఆపడం తప్పని నేనూ అనను. ఆపుతున్నట్టు మాకు ఎప్పుడు చెప్తారని రెండుసార్లు అడిగాను. దర్యాప్తు అయ్యాక రిపోర్ట్ వస్తుంది కదా అన్నారు. అప్పటికి నా లైన్‌లో ఇంకో రెండు బ్యాచ్‌లు అదే ముడిసరుకుతో వెళ్లిపోతాయి’ అన్నారు. ఫారంలో ‘పట్టువిడుపు లేదు’ అని రాసింది ఈ మాటనే. దాంతో విభేదం రూపం మారిపోయింది. నిజాయితీ గురించి ఇద్దరికీ తగువే లేదు. సమస్య తెలిసిన వెంటనే పక్క విభాగానికి చెప్పే అలవాటు ఆమెకు ఉందా అన్నదే మిగిలిన ప్రశ్న. అది చిన్న ప్రశ్నేమీ కాదు.

ఒక్కరికే తెలిసిన మాట

క్యూఏ అధికారి ఫారం నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘ఇప్పటిదాకా పనిచేసింది దేశీయ మార్కెట్ మందుల మీదే. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీలో ఇన్‌స్పెక్టర్ ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు.’ మిగతా ముగ్గురికీ ఈ సంగతి తెలియదు. 5 మార్కుల ఫారంలో ఉంది కాబట్టి దాన్ని ఎవరూ అంత శ్రద్ధగా చదవరు కూడా.

ఇలాంటి మాటలే చర్చల్లో మరుగున పడతాయి. గారొల్డ్ స్టాసర్, విలియం టైటస్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో విద్యార్థులను చిన్న గుంపులు చేసి, విద్యార్థి సంఘ అధ్యక్ష పదవికి ఒక అభ్యర్థిని ఎంచుకోమన్నారు. అందరి సమాచారం కలిపితే ఎవరు మెరుగో తెలిసిపోతుంది. కానీ ఆ మెరుగైన అభ్యర్థి మంచి గుణాలు గుంపులో ఒక్కొక్కరికి కొన్ని చొప్పున పంచి ఇచ్చారు. చర్చలో అందరికీ ముందే తెలిసిన విషయాలే తిరిగి తిరిగి వచ్చాయి. ఒక్కరికే తెలిసినవి బయటికి రాలేదు. ఎక్కువ గుంపులు వేరే అభ్యర్థిని ఎంచుకున్నాయి.

అందుకే పట్టిక చివర ‘ఒక్కరే గమనించినవి’ అని ఒక వరస ఉంచాలి. సమావేశం మొదలయ్యేది అక్కడి నుంచి. అందరూ ఒప్పుకున్న విషయాలను చివరి ఐదు నిమిషాలకు వదిలేసినా నష్టం లేదు.

సిఫారసు ఎలా రాయాలి

కలిపేసరికి రెండు ఖాళీలు తేలాయి: బృందాన్ని నడపడం, ముందుగా చెప్పే అలవాటు. వాటిని ఊహతో పూరించకుండా, అభ్యర్థిని మళ్లీ పిలవాలి. మొత్తం ఇంటర్వ్యూ మళ్లీ పెట్టాల్సిన పనిలేదు. మరో సెక్షన్ మేనేజర్‌తో అరగంట వీడియో కాల్ చాలు. ‘మీ కింద పనిచేసినవారు చేసిన తప్పు ఒకటి చెప్పండి’ అని అడిగారు. ఒక ఎనలిస్టు శాంపిల్ రన్‌ను మధ్యలో ఆపి, నమోదు చేయకుండా మళ్లీ మొదలుపెట్టాడని, ఆడిట్ ట్రెయిల్‌లో తను గుర్తించానని ఆమె చెప్పారు. పాత డేటా చెరిపించకుండా క్యూఏకి తెలియజేశారు. తర్వాత అతనితో విడిగా మాట్లాడితే రెండు షిఫ్టుల శాంపిళ్లు ఒక్కడి మీదే పడ్డాయని తెలిసింది, పని పంపకం మార్చారు. ‘ప్రొడక్షన్ వాళ్లకి ఎప్పుడు చెప్పారు?’ అన్న ప్రశ్నకు మాత్రం ‘క్యూఏ చెప్తారనుకున్నాను’ అన్నారు. ఒక ఖాళీ బలంగా మారింది. రెండోది లోపమేనని ఖాయమైంది.

ఇప్పుడు రాసే సిఫారసు ఒక పేజీ దాటనక్కర్లేదు. అందులో మొదటి వాక్యమే నిర్ణయం కావాలి:

‘సెక్షన్ ఇన్‌చార్జ్ పదవికి తీసుకోవాలని సిఫారసు. బలాలు: తేడాలకు కారణం పట్టుకోవడం (క్యూసీ, క్యూఏ), రికార్డుల నిజాయితీ (క్యూఏ, ప్రొడక్షన్), బృంద నిర్వహణ (రెండో విడత సంభాషణ, ఒక్కరే చూశారు). లోపం: సమస్యను పక్క విభాగాలకు వెంటనే చెప్పే అలవాటు లేదు, రెండు సంభాషణల్లోనూ కనిపించింది. అనుభవం లేనిది: ఎఫ్‌డీఏ తనిఖీ. షరతులు: బ్యాచ్ ఆపిన రోజే ప్రొడక్షన్‌కి రాతపూర్వకంగా తెలపడం ఆమె బాధ్యతల్లో రాయాలి; మొదటి తనిఖీలో క్యూసీ మేనేజర్ పక్కన ఉండాలి. భిన్నాభిప్రాయం: ప్రొడక్షన్ హెడ్ ఇప్పటికీ వద్దనే అంటున్నారు, కారణం పైన రాసిన లోపమే.’

చివరి వాక్యాన్ని చాలామంది తీసేయాలని చూస్తారు, ‘అందరం ఒప్పుకున్నాం’ అని రాస్తే ఫైలు బాగుంటుందని. దాన్ని ఉంచడమే మేలు. సంతకం పెట్టే అధికారికి ప్రమాదం ఎక్కడుందో తెలియాలి. ప్రొడక్షన్ హెడ్‌కీ తన మాట చెత్తబుట్టలో పడలేదని తెలియాలి. రేపు ఆయనతో కలిసి పనిచేయాల్సింది ఆమే. నివేదికలో 3.75 ఎక్కడా లేదన్నదీ గమనించాలి. హెచ్‌ఆర్ మార్కు ఒకచోట తీసేశాక, మూడు నాలుగులు ఆధారం లేక పక్కకు పోయాక, దానికి అర్థమే మిగల్లేదు.

ఇంత శ్రద్ధ పెట్టినా ఇంటర్వ్యూ చెప్పగలిగింది కొంతే. పాల్ సాకెట్ బృందం 2022లో పాత పరిశోధనలన్నిటినీ తిరిగి లెక్కగట్టి, ముందే ప్రశ్నలు సిద్ధం చేసుకుని, అందరినీ ఒకే తీరున అడిగే ఇంటర్వ్యూకీ తర్వాతి పనితీరుకీ మధ్య సంబంధం సుమారు 0.42 అని తేల్చింది. పూర్తి సంబంధం ఉంటే అది 1 అవుతుంది. నోటికొచ్చినట్టు అడుగుతూ పోయే ఇంటర్వ్యూకి అది 0.19 మాత్రమే.

కాబట్టి పట్టికను ఆఫర్ లెటర్‌తో పాటే మూసేయకూడదు. ఆరు నెలల తర్వాత ఆమె ఆపిన బ్యాచ్‌లెన్ని, ప్రొడక్షన్‌కి ఎన్ని గంటల్లో తెలిసింది, షిఫ్టుల పంపకం ఎలా ఉంది అన్నవి అదే పట్టిక పక్కన రాసి చూడాలి. ఎవరి ప్రశ్న పనికొచ్చే సంగతి పట్టుకుందో, ఎవరి మార్కు వట్టి ఊహో అప్పుడు బయటపడుతుంది. ఈ కంపెనీ తర్వాతి ఇంటర్వ్యూకి రెండు మార్పులు ముందే చేసుకోవచ్చు: బృందం గురించిన ప్రశ్నను క్యూసీ మేనేజర్ పేరు మీద రాసిపెట్టడం, హెచ్‌ఆర్ ఫారంలోంచి సాంకేతిక పరిజ్ఞానం గడి తీసేయడం.